ముహూర్తం 12:05కి, డల్లాస్‌లో మరో 24 సెకన్లకి

2025లో శ్రీరామనవమి ఏప్రిల్ 6న, ఆదివారం వచ్చింది. కోనసీమలో ఏ ఊరి రామాలయం పందిట్లో చూసినా మిట్టమధ్యాహ్నానికి సీతారాముల కల్యాణం. అదే క్షణానికి డల్లాస్‌లో రాత్రి ఒంటిగంటన్నర, న్యూజెర్సీలో రెండున్నర. కాలిఫోర్నియాలో ఇంకా ఆదివారమే రాలేదు, శనివారం రాత్రి పదకొండున్నర. పందిరికి చందా పంపిన పిల్లలు అక్కడ ఫోను ముందు కూర్చుని, మన పందిట్లో ఏం జరుగుతోందో యూట్యూబ్‌లో చూస్తుంటారు. చూడ్డమే కాదు, తమ గోత్రనామాలు పంతులుగారి నోట వినాలనుకుంటారు. ప్రత్యక్ష ప్రసారం అనగానే కెమెరా ఏది, నెట్టు ఏది అని అడిగేవాళ్ళే ఎక్కువ. నిజానికి ఆ రెండు గంటలనూ నిలబెట్టేది ఒక కాగితం. ఏ నిమిషానికి తెరమీద ఏది ఉండాలి, ఎవరు మాట్లాడాలి, చూసేవాళ్ళని ఎప్పుడు పలకరించాలి, ఒక ఘట్టం నుంచి ఇంకో ఘట్టానికి ఎలా దాటాలి అన్నది అందులో ఉంటుంది. టీవీ వాళ్ళు దాన్ని రన్‌డౌన్ అంటారు.

ఈ కాగితం రాయడంలో కిటుకు ఒక్కటే. ఆ రెండు గంటల్లో ఒకే గడియారం ఉండదు, రెండుంటాయి. పందిట్లో గడియారం ఒకటి. చూసేవాడి చేతిలో ఫోను గడియారం ఇంకొకటి, అది ఎప్పుడూ కొన్ని సెకన్లు వెనక నడుస్తుంది. ఈ తేడా తెలియకుండా రాసిన రన్‌డౌన్ ఎంత అందంగా ఉన్నా, జనాన్ని పలకరించే మొదటి చోటే చతికిలబడుతుంది.

మన వాళ్ళకి కల్యాణాన్ని దూరం నుంచి చూడ్డం, అంటే వినడం, ఆకాశవాణి నేర్పింది. భద్రాచలం కల్యాణానికి రేడియోలో ప్రత్యక్ష వ్యాఖ్యానం అంటే ఒక తరానికి ఉషశ్రీ గొంతే గుర్తొస్తుంది. పశ్చిమగోదావరి కాకరపర్రులో 1928లో పుట్టిన ఆయన అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. రేడియోలో బొమ్మ ఉండదు కాబట్టి వ్యాఖ్యాత ఊరుకుంటే ప్రసారం ఆగిపోయినట్టే. పురోహితులు ముహూర్తం కోసం ఆగితే ఆ ఖాళీని మాటే నింపాలి, మంత్రం మొదలవగానే మాటే పక్కకి తప్పుకోవాలి. అది ఇప్పటి రన్‌డౌన్‌లో కూడా మొదటి సూత్రమే. ఆ రోజుల్లో లేనిదల్లా ఆలస్యం. విజయవాడ నుంచి బయల్దేరిన రేడియో తరంగం అమలాపురం చేరడానికి సెకనులో వెయ్యోవంతు కూడా పట్టదు. అయితే అది ఒకవైపు దారి. శ్రోతకి సందేహం వస్తే కార్డు ముక్క రాసి పోస్టు చెయ్యాలి. ఉషశ్రీ ‘ధర్మసందేహాలు’ కార్యక్రమం నడిచింది అలా వచ్చిన ఉత్తరాల మీదే. వెళ్ళే మాట క్షణంలో వెళ్ళేది, వచ్చే మాట రోజుల తరవాత వచ్చేది. యూట్యూబ్‌లో ఇది తలకిందులైంది. వీక్షకుడు టైపు చేసిన కామెంటు సెకనో రెండు సెకన్లో పడుతుంది. మన మాటే నెమ్మదిగా వెళ్తుంది.

ఎందుకు నెమ్మది? కెమెరా నుంచి వచ్చిన బొమ్మని లాప్‌టాప్‌లో ఓబీఎస్ లాంటి సాఫ్ట్‌వేర్ కుదించి యూట్యూబ్‌కి పంపుతుంది. యూట్యూబ్ సర్వరు దాన్నుంచి రకరకాల నాణ్యతల్లో కాపీలు తీస్తుంది. బాగా నెట్టున్నవాడికి పెద్దది, లేనివాడికి చిన్నది. ఆ తరవాత ప్రతి కాపీనీ సెకన్ల లెక్కన ముక్కలు కోస్తుంది. వీక్షకుడి ఫోను ఆ ముక్కల్ని ఒక్కొక్కటే దింపుకుంటుంది, కొన్ని చేతిలో ఉంటే తప్ప ఆడించడం మొదలుపెట్టదు. మధ్యలో నెట్టు ఒక్క క్షణం తడబడినా బొమ్మ ఆగకుండా ఉండాలని ఆ నిల్వ. ధవళేశ్వరం లాకుల దగ్గర పడవ ఎలా దాటుతుందో ఇదీ అంతే. పడవ లోపలికి రావాలి, తలుపు మూయాలి, నీరు సమానం కావాలి, అప్పుడు అవతలి తలుపు తెరుస్తారు. ఏ పడవైనా ఆగాల్సిందే, ఆగిందని తప్పు జరిగినట్టు కాదు.

ఈ ఆగడం ఎంతసేపో మనం కొంతవరకు ఎంచుకోవచ్చు. యూట్యూబ్‌లో ప్రసారం పెట్టేటప్పుడు ఆలస్యానికి మూడు మెట్లుంటాయి. అన్నిటికన్నా తక్కువదాంట్లో చాలామందికి ఐదు సెకన్లలోపు, మధ్యదాంట్లో పది సెకన్లలోపు చేరుతుంది. మామూలుదాంట్లో అంతకన్నా ఎక్కువ, ఇరవై ముప్ఫై సెకన్లు పట్టినా ఆశ్చర్యం లేదు. తక్కువే మంచిది కదా అనిపిస్తుంది. కాదు. ఆలస్యం తగ్గించడం అంటే వీక్షకుడి ఫోనులో నిల్వ ఉండే ముక్కల్ని తగ్గించడమే. నిల్వ తగ్గితే నెట్టు తడబడ్డప్పుడల్లా తెరమీద సున్నా తిరుగుతుంది. ప్రశ్నలూ జవాబులే పనిగా పెట్టుకున్న కార్యక్రమానికి తక్కువ ఆలస్యం సరిపోతుంది. కల్యాణానికి నా ఓటు మామూలుదానికే. జీలకర్ర–బెల్లం సమయంలో సున్నా తిరిగితే ఆ తిట్లు వేరు. పలకరింపు ఇరవై సెకన్లు ఆలస్యమైతే ఎవరూ తిట్టరు, కాగితం మీద దానికి చోటు పెట్టి ఉంటే.

ఆలస్యం ఎంతో ఊహించుకోనక్కర్లేదు, కొలవచ్చు. ముందురోజు సాయంత్రం ప్రైవేటుగా ఒక పరీక్ష ప్రసారం పెట్టి, సెకన్లు కనిపించే గడియారం ఉన్న ఫోనుని కెమెరా ముందు పట్టుకోవాలి. మరో ఫోనులో, పందిట్లో వైఫై కాకుండా మొబైల్ డేటా మీద, ఆ ప్రసారం చూడాలి. కెమెరా ముందున్న గడియారం 6:10:40 చూపిస్తున్నప్పుడు చూసేవాడి తెరమీద 6:10:16 ఉంటే మన ఆలస్యం 24 సెకన్లు. కంప్యూటర్లో అయితే యూట్యూబ్ వీడియో మీద కుడి క్లిక్కు చేసి `Stats for nerds` తెరిస్తే `Live Latency` అన్న వరుసలో ఆ సంఖ్యే కనిపిస్తుంది. అందరికీ ఒకటే ఉండదు. ఒకరికి 18, ఇంకొకరికి 35 ఉండొచ్చు. మధ్యలో ఫోను జేబులో పెట్టి మళ్ళీ తీసినవాడు ఇంకా వెనకబడి ఉండొచ్చు. రన్‌డౌన్ మీద రాసుకోవాల్సింది మాత్రం మనం కొలిచిన సంఖ్య, దానికి పైన మరో పది.

ఇక రాయడం. రాసేది పైనుంచి కిందికి కాదు, కిందనుంచి పైకి. కదలని సమయం ఏదో ముందు వెతకాలి. కల్యాణానికి అది ముహూర్తం. రామనవమికి అభిజిత్తు చూస్తారు. పగటిని పదిహేను భాగాలు చేస్తే ఎనిమిదోది, అంటే సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకి అటూ ఇటూ ఉండేది. మన గడియారం నడిచే 82½ డిగ్రీల రేఖాంశం కాకినాడకి దగ్గరగా పోతుంది. అందుకే మన జిల్లాల్లో గడియారపు పన్నెండుకీ సూర్యుడి పన్నెండుకీ పెద్ద తేడా ఉండదు. అమలాపురం ఆ రేఖకి అరడిగ్రీ పడమర, దానివల్ల రెండు నిమిషాలు. ఏప్రిల్ మొదటి వారంలో సూర్యుడు సగటు లెక్కకన్నా ఇంకో రెండున్నర నిమిషాలు వెనక ఉంటాడు. రెండూ కలిపితే కోనసీమలో ఆ రోజు నడిమధ్యాహ్నం 12:04 దాటాక. సిద్ధాంతిగారు లగ్నం చూసి ఎంత చెబితే అంతే అనుకోండి. ఉదాహరణకి 12:05కి జీలకర్ర–బెల్లం అన్నారనుకుందాం.

అక్కడినుంచి వెనక్కి నడవాలి. దీనికి పంతులుగారితో ముందురోజు పావుగంట కూర్చోవడం తప్పనిసరి. ‘మంగళాష్టకాలు ఎంతసేపండీ?’ అంటే ‘ఎంతసేపేమిటి నాయనా, అయ్యేదాకా’ అంటారు. వదలకూడదు. ‘పోయినేడు వీడియో చూశానండి, తొమ్మిది నిమిషాలు పట్టింది’ అంటే ‘అయితే అంతే వేసుకో’ అంటారు. కిందటేటి రికార్డింగే అసలు ఆధారం. అందులో ప్రతి ఘట్టం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో రాసుకుంటే సగం రన్‌డౌన్ తయారైనట్టే. మంగళాష్టకాలు తొమ్మిది నిమిషాలైతే 11:56కి మొదలవ్వాలి. దానిముందు కన్యాదానం ఎనిమిది, అంటే 11:48. సీతారాముల వంశ గోత్ర ప్రవర ఎనిమిది, 11:40. మధుపర్కం ఐదు, 11:35. ఇప్పుడు ఒక వెసులుబాటు వస్తుంది. మధుపర్కానికి ముందు స్వామికీ అమ్మవారికీ పట్టుబట్టలు మారుస్తూ తెర వేస్తారు. ఆ ఏడు నిమిషాలూ కెమెరాకి చూపించడానికి ఏమీ ఉండదు. 11:28 నుంచి 11:35 దాకా మనది. దానిముందు రక్షాబంధనం, యజ్ఞోపవీత ధారణకి పది నిమిషాలు, 11:18. విష్వక్సేన పూజ, పుణ్యాహవాచనానికి పదిహేను, 11:03. స్వాగతం మూడు నిమిషాలు, 11:00. అంతకుముందు పది నిమిషాలు మాట లేకుండా సన్నాయి మేళం, పందిరి దృశ్యం. నోటిఫికేషన్ చూసి జనం మెల్లిగా వస్తారు, ఖాళీ తెరకన్నా మేళం నయం. కాబట్టి ప్రసారం నొక్కాల్సింది 10:50కి.

ఇలా రాశాక చూస్తే రెండు రకాల గళ్ళు కనిపిస్తాయి. పంతులుగారి చేతిలో ఉన్నవి, మన చేతిలో ఉన్నవి. మొదటివాటిని మనం కుదించలేం, సాగదీయలేం. రెండోవి రబ్బరులా సాగాలి, అవసరమైతే మాయమైపోవాలి. ఈ కల్యాణంలో నిజంగా మన చేతిలో ఉన్నది 11:28 నుంచి ఏడు నిమిషాలూ, తలంబ్రాల తరవాతదీ. జనంతో మాట్లాడించడానికి ఈ రెండే చోట్లు. మిగతా ఎక్కడా యాంకరు నోరు మధ్యలో దూరకూడదు. ప్రవర చదువుతుంటే ‘డల్లాస్ నుంచి మనతో ఉన్నవారికి నమస్కారం’ అని మైకు తీసుకునే కుర్రాళ్ళని చూశాను. భక్తి సంగతి దేవుడెరుగు, అది ప్రసారం తెలియకపోవడం.

ఆ ఏడు నిమిషాల్లోనే రెండు గడియారాల లెక్క పనికొస్తుంది. మామూలుగా జరిగేది ఇది. యాంకరు ‘మీ గోత్రనామాలు కామెంట్లో పెట్టండి’ అంటాడు. తెర వంక చూస్తాడు. ఏమీ రాదు. పది సెకన్లు, ఇరవై సెకన్లు. ‘ఎవరూ పెట్టడం లేదు, మొహమాటపడకండి’ అంటాడు. పాపం వాళ్ళకి ఆ అడగడమే ఇంకా వినబడలేదు. వినబడి, టైపు చేసి, పంపేసరికి యాంకరు విసుగెత్తి వేరే విషయంలోకి పోతాడు. అప్పుడు కామెంట్లు కుప్పగా పడతాయి, చదివేవాడుండడు.

లెక్క వేసుకుంటే ఇలా ఉంటుంది. 11:28:00కి అడిగాం. ఆలస్యం 24 సెకన్లు, కాబట్టి 11:28:24కి వింటారు. గోత్రం, ఇంటిపేరు, పేర్లు తెలుగులోనో ఇంగ్లీషు అక్షరాల్లోనో కొట్టడానికి అరనిమిషం పైనే. మొదటి కామెంటు 11:29 ప్రాంతంలో మన దగ్గర పడుతుంది. దాన్ని పక్కన కూర్చున్న మనిషి తెలుగులో శుభ్రంగా కాగితం మీద రాయాలి. ఎందుకంటే ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన ఇంటిపేరుని మైకులో అప్పటికప్పుడు చదివితే ఏదో ఒకటి తప్పుతుంది, తప్పితే ఆ ఇంటివాళ్ళు ఏడాదంతా చెప్పుకుంటారు. అలా నాలుగైదు పేర్లు చేతికి రావడానికి 11:30 దాటుతుంది. అంటే అడగడానికీ చదవడానికీ మధ్య కనీసం రెండు నిమిషాలు నింపేది ఒకటి కావాలి. యాంకరు కబుర్లతో నింపితే సాగదీతలా ఉంటుంది. ముందే తీసి పెట్టుకున్న రెండు నిమిషాల వీడియో ఉంటే ఎవరికీ ఖాళీ తెలియదు.

ఆ వీడియోకి మన జిల్లాల్లో ఒక విషయం సిద్ధంగా ఉంది. భద్రాచలం కల్యాణానికి ప్రతి ఏటా కోరుకొండ నుంచి గోటి తలంబ్రాలు వెళ్తాయి. వాటికోసం ప్రత్యేకంగా వరి పండిస్తారు, వానర వేషాలు కట్టి కోతలు కోస్తారు. వడ్లని మర పట్టించరు, దంచరు, గోళ్ళతో ఒక్కొక్క గింజా వలుస్తారు. కెమెరా దగ్గరగా పెట్టి ఒక బామ్మగారు బొటనవేలి గోరుతో పొట్టు చీల్చి, బియ్యపు గింజ విరక్కుండా పళ్ళెంలోకి జారవిడవడం నలభై సెకన్లు చూపిస్తే చాలు, రెండు నిమిషాల్లో మూడోవంతు అయిపోయింది. ఊళ్ళోనే ఎవరైనా తలంబ్రాలు కలుపుతుంటే అది ఇంకా మంచిది. అలాంటి వీడియోలో మాట తక్కువగా, చేతుల పని ఎక్కువగా ఉండాలి. అది ఆడుతుండగా వీక్షకుడు కామెంటు కూడా రాయాలి కదా.

రన్‌డౌన్‌లో ఈ ముక్క ఇలా ఉంటుంది. యాంకరు చదవాల్సిన మాట కూడా అందులోనే, ఎందుకంటే అడిగే తీరు మీదే వచ్చే జవాబు ఆధారపడి ఉంటుంది.

11:28:00. తెర: యాంకరు, వెనక పందిరి. సన్నాయి నెమ్మదిగా. మాట: ‘స్వామివారికి పట్టువస్త్రాలు సమర్పిస్తున్నారండి, తెర వేశారు. ఈ లోపు దూరాన ఉన్న మనవాళ్ళ గోత్రనామాలు చదివిస్తాం. గోత్రం, ఇంటిపేరు, ఇంటి పెద్ద పేరు, మీరున్న ఊరు, ఈ నాలుగే రాయండి. ఉదాహరణకి పైన ఒకటి పిన్ చేశాం, అలా రాయండి చాలు. ఇప్పుడు రాసినవి మరో రెండు నిమిషాల్లో చదువుతాం.’

11:28:40. తెర: తలంబ్రాల వీడియో, రెండు నిమిషాలు. కింద వరుసలో: ‘గోత్రం, ఇంటిపేరు, పేరు, ఊరు’. యాంకరు మైకు మూసి ఉండాలి. సహాయకుడు పేర్లు రాస్తాడు.

11:30:40. తెర: యాంకరు. చేతిలో కాగితం. ఒక్కో పేరుకి పది సెకన్లు, పేర్లు పదిహేనుకి మించి వద్దు.

11:33:10. మాట: ‘మిగిలినవన్నీ తలంబ్రాల తరవాత చదువుతామండి, ఒక్కటీ వదలం.’ సన్నాయి పెరుగుతుంది. తెర తీసే దాకా వెడల్పు దృశ్యం.

ఇందులో మూడు చిన్న విషయాలు గమనించాలి. ఏం రాయాలో కచ్చితంగా చెప్పడం ఒకటి. ‘మీ అభిప్రాయాలు రాయండి’ అంటే ‘జై శ్రీరామ్’ తప్ప ఇంకేమీ రాదు, అవే వెయ్యి వస్తాయి, వాటి కింద గోత్రాలు కొట్టుకుపోతాయి. ఎప్పుడు చదువుతామో చెప్పడం రెండోది. అది వినకపోతే రాసినవాడు పది సెకన్లకే మళ్ళీ అదే రాస్తాడు. ఇక లైవ్ చాట్‌లో ఒక కామెంటుకి 200 అక్షరాలే చోటు. మనవళ్ళ పేర్లతో సహా మొత్తం వంశవృక్షం పట్టదు, అందుకే ఇంటి పెద్ద పేరు. పిన్ చేసిన ఉదాహరణ 10:50కే పైన ఉంటే ముందొచ్చినవాళ్ళు అప్పటినుంచే రాస్తారు, 11:28కి చేతిలో ఐదారు పేర్లు తయారుగా ఉంటాయి.

పిలిచినవాడి పేరు అతనికి వినబడేది మళ్ళీ 24 సెకన్ల తరవాతే. అందుకని ‘వినబడిందా బాబూ, వినబడితే చెప్పు’ అని నిలబడకూడదు. ముహూర్తానికి కూడా అంతే. ‘సరిగ్గా ఇప్పుడు 12 గంటల 5 నిమిషాలు, మీ ఇళ్ళల్లో కూడా అక్షతలు వెయ్యండి’ అంటూ తెరమీద గడియారం పెడితే డల్లాస్‌లో తల్లి తన గోడగడియారం చూసుకుని అరనిమిషం దాటిపోయిందే అని నొచ్చుకుంటుంది. ‘ఇదిగో ముహూర్తం’ అంటే చాలు, ఎవరి తెరమీద వాళ్ళకి అదే ముహూర్తం. పది, తొమ్మిది, ఎనిమిది అని లెక్కపెట్టే సరదా కూడా ఇక్కడ వద్దు.

ఒక ఘట్టం నుంచి ఇంకో ఘట్టానికి దాటించేది మాటకన్నా మేళం. చెవి ముందు దాటితే కన్ను సులువుగా దాటుతుంది. అంటే యాంకరు చివరి వాక్యం సగంలో ఉండగానే కింద సన్నాయి శబ్దాన్ని పెంచాలి, వాక్యం ముగిసి డోలు దెబ్బ పడినప్పుడు బొమ్మ మార్చాలి. వీక్షకుడికి తెగినట్టు అనిపించదు. బొమ్మ ముందు మారి శబ్దం తరవాత వస్తే మాత్రం వాకిలి తలుపు దడాలున వేసినట్టే ఉంటుంది. పైగా మన కల్యాణంలో ఈ సంకేతం ఇచ్చేవాడు ఎప్పటినుంచో ఉన్నాడు. మాంగల్యధారణ వేళ పంతులుగారు చెయ్యెత్తి ‘గట్టిమేళం’ అంటారే, దానికన్నా గొప్ప సంకేతం ఏ స్టూడియోలోనూ లేదు. కెమెరా మీదున్నవాడు ఆ చేతిని చూస్తూ ఉండాలి. చెయ్యి లేవగానే దగ్గరి దృశ్యం, మేళం పడగానే మంగళసూత్రం. అక్కడే ఒక ప్రమాదం కూడా ఉంది. అంతదాకా మంత్రాలకి సరిపెట్టిన శబ్దం గట్టిమేళం పడగానే ఒక్కసారి ఎగిసి చిట్లిపోతుంది, వీక్షకుడికి బరబరమని వినిపిస్తుంది. కాబట్టి ముందురోజు పరీక్షలో డోలు వాయించేవాడిని ‘ఒక్కసారి గట్టిమేళం కొట్టవా అన్నయ్యా’ అని అడిగి, ఆ దెబ్బకి ఓబీఎస్‌లో శబ్దపు గీత ఎర్రరంగు చివర తాకకుండా మిక్సరు తగ్గించి పెట్టుకోవాలి. మంత్రాలు కాస్త తక్కువగా వినబడినా ఫరవాలేదు, ఫోనులో పెంచుకుంటారు. చిట్లిన శబ్దాన్ని ఎవరూ బాగుచెయ్యలేరు.

మేళం ఆగినప్పుడు పందిట్లో మైక్‌సెట్టు అబ్బాయి సినిమా భక్తిపాటలు పెడతాడు. రన్‌డౌన్‌లో అతని పేరున కూడా ఒక గడి ఉండాలి: 10:50 నుంచి ముగిసేదాకా రికార్డు పాటలు వద్దు. ఆ పాటల హక్కులు ఎవరివో యూట్యూబ్ యంత్రం పట్టేస్తుంది. ముందు హెచ్చరిక వస్తుంది, పాట ఆగకపోతే ప్రసారం బదులు కదలని బొమ్మ పెట్టేయొచ్చు, ప్రసారాన్నే ఆపేయొచ్చు కూడా. రాముడి పాటే కదా అంటే యంత్రానికి వినబడదు.

అనుకున్నట్టు జరగనప్పుడే రాసిన కాగితం విలువ. పుణ్యాహవాచనం సాగి, 11:18కి అయిపోవాల్సింది 11:25కి అయిందనుకుందాం. ఏడు నిమిషాలు లేటు. ముహూర్తం కదలదు, మంత్రాలు తగ్గవు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో రన్‌డౌన్ పక్కనే ముందు రాసి ఉండాలి, అప్పటికప్పుడు నలుగురు కలిసి ఆలోచించే వీలుండదు. రెండు నిమిషాల లోపు లేటైతే పేర్లు పదిహేను నుంచి ఐదుకి తగ్గించు. రెండు నిమిషాలు దాటితే పేర్లన్నీ తలంబ్రాల తరవాతకి మార్చి, వీడియో ఒక్కటే వెయ్యి. ఏడైతే ఆ గడి మొత్తం ఎత్తెయ్యి. యాంకరు మాట్లాడనే వద్దు, తెర కింద ‘గోత్రనామాలు తలంబ్రాల తరవాత’ అన్న వరుస చాలు. స్వామివారికి బట్టలు మార్చడం మాత్రం ఏడు నిమిషాలూ పడుతుంది కదా అంటే, లేటని తెలిస్తే పంతులుగార్లు ఇద్దరు చెయ్యేస్తారు, ప్రవర తెర వెనకనుంచే ఎత్తుకుంటారు. అది వాళ్ళ విద్య. మనకి కావాల్సింది 11:18, 11:40, 11:56 అనే మూడు చోట్ల కాగితం మీది సమయాన్నీ జరుగుతున్న సమయాన్నీ ఒకరు చూసి, ‘నాలుగు లేటు’ అని మెల్లగా చెప్పడం. ఆ మనిషికి ఇంకే పనీ అప్పజెప్పకూడదు.

ఇంకో తడబాటు ముహూర్తం దగ్గరపడే కొద్దీ వస్తుంది. పందిట్లో జనం పెరుగుతారు, ప్రతి ఒక్కరూ వాట్సాప్‌లో వీడియో కాల్ కలిపి అవతలివాళ్ళకి కల్యాణం చూపిస్తారు. ఊరికి ఉన్న ఒక్క టవరుకీ బయటికి పంపే సామర్థ్యం చాలక ఊపిరాడదు. పొద్దున్న తొమ్మిదికి బాగా వెళ్ళిన ప్రసారం పన్నెండుకి ముక్కలవుతుంది. ఓబీఎస్ కింది పట్టీలో `Dropped Frames` అన్న సంఖ్య కదలడం మొదలైతే అదే సంకేతం. బొమ్మ మన తెరమీద శుభ్రంగానే కనిపిస్తుంది కాబట్టి ఆ సంఖ్య చూడకపోతే చెడినట్టు తెలియదు. 720 స్థాయి బొమ్మకి సెకనుకి సుమారు 4 మెగాబిట్లు కావాలి. దానికి రెట్టింపు అప్‌లోడ్ ఉన్న లైను ఉంటేనే ధైర్యంగా ఉండొచ్చు. కేబుల్ ఆపరేటరు చేత పందిరిదాకా ఫైబరు వైరు లాగించుకోవడం అన్నిటికన్నా మేలు. సిమ్ మీదే ఆధారపడితే 11:50కే నాణ్యత సగానికి దించేసుకోవాలి, జీలకర్ర–బెల్లం మధ్యలో కాదు. ఏప్రిల్ ఎండలో ఫోనే కెమెరా అయితే అది కాగి దానంతటదే ఆగిపోతుంది, దానికి నీడ కావాలి. కరెంటు పోతే లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, రౌటరు నడవదు. రౌటరుకి చిన్న ఇన్వర్టరు పెట్టుకోవడం అందరూ మరిచిపోయే సంగతి. ఛానల్ కొత్తదైతే ప్రత్యక్ష ప్రసారం అనుమతి రావడానికి ఒక రోజుదాకా పట్టొచ్చు. రామనవమి పొద్దున్న ఛానల్ తెరిచే ఉత్సాహవంతులకి ఇది గుర్తుండాలి.

తెగితే ఏం చెయ్యాలన్నది కూడా ఒక వరుస. యూట్యూబ్‌లో ప్రసారం దానంతటది ముగిసే అమరికని ముందే ఆపి ఉంచి, ‘ముగించు’ నొక్కకుండా ఉంటే, ఓబీఎస్ మళ్ళీ అదే కీతో కలుస్తుంది, లింకు మారదు. కంగారులో కొత్త ప్రసారం మొదలుపెడితే మాత్రం అంతదాకా చూస్తున్నవాళ్ళంతా పాత లింకులోనే ఉండిపోతారు. తిరిగి వచ్చాక యాంకరు చెప్పాల్సింది ఒకే మాట: ‘కన్యాదానం అయింది, మంగళాష్టకాలు జరుగుతున్నాయండి.’ సాంకేతిక కారణాల గురించి రెండు నిమిషాలు చెబితే ఆ రెండు నిమిషాల కల్యాణం పోయినట్టే.

తలంబ్రాలు 12:18కి మొదలైతే 12:28 దాకా. హారతి ఐదు నిమిషాలు. 12:33కి రెండో చోటు, మిగిలిన గోత్రనామాలు. ఇప్పుడు తొందర లేదు. పానకం, వడపప్పు పంచుతున్న సందడి వెనకాల వినబడుతుంటే పేర్లు చదవచ్చు, ఈసారి పంతులుగారే చదివితే ఇంకా బాగుంటుంది. ముగించేముందు ‘ఇంకా ఎవరైనా ఉన్నారా’ అని అడగాలంటే మళ్ళీ అదే లెక్క. 12:40కి అడిగి, 12:42 దాకా హారతి పళ్ళెం దృశ్యం నడిపి, వచ్చినవి చదివి, 12:45కి శుభం.

అర్ధరాత్రి దాటాక మేలుకుని ఉండలేక పడుకున్నవాళ్ళు మర్నాడు చూస్తారు. గంటా యాభై ఐదు నిమిషాల వీడియోలో మాంగల్యధారణ ఎక్కడుందో వెతుక్కోలేరు. రన్‌డౌన్‌లో నిజంగా జరిగిన సమయాలు పక్కన రాసుకుంటూ వచ్చారు కదా, వాటిలోంచి 10:50 తీసేస్తే వీడియోలో ఎక్కడుందో వస్తుంది. వివరణ పెట్టెలో వరుసగా పెడితే యూట్యూబ్ దాన్ని అధ్యాయాలుగా చూపిస్తుంది. మొదటిది 00:00 అయి ఉండాలి, కనీసం మూడుండాలి, ఒక్కొక్కటీ పది సెకన్లకి తగ్గకూడదు.

```
00:00 సన్నాయి మేళం
10:00 స్వాగతం
38:00 గోత్రనామాలు
50:00 ప్రవర
1:15:00 జీలకర్ర–బెల్లం
1:22:00 మాంగల్యధారణ
1:28:00 తలంబ్రాలు
1:43:00 గోత్రనామాలు, మిగిలినవి
```

ఆ కాగితాన్ని ఫొటో తీసి ఉత్సవ కమిటీ వాట్సాప్ గ్రూపులో పడేస్తే, వచ్చే రామనవమికి పంతులుగారిని ‘ఎంతసేపండీ’ అని అడిగేవాడి చేతిలో రెండేళ్ళ లెక్క ఉంటుంది.